సబ్బుకి ఎర్రబడని పసుపు

మా ఎస్తేరుకి భయం పుట్టుకతో వచ్చింది. ఆటో స్టాండ్ దాకా వచ్చి, గ్యాస్ కట్టేశానో లేదోనని మళ్ళీ ఇంటికి పరిగెత్తే మనిషి. ఆదివారం చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, ఆవిడ ఒక కన్ను తెరిచి ఇస్త్రీపెట్టె ప్లగ్ తీశానా అని ఆలోచిస్తుంది. ఈ సంగతి ఆవిడే నాకు చెప్పింది. ప్రభువు క్షమిస్తాడో లేదో అని దానికి మళ్ళీ ఇంకో భయం.

ఎస్తేరు వాళ్ళది భీమవరం వైపు. నాన్న రైల్వేలో గార్డు, అమ్మ ఆసుపత్రిలో నర్సు. పుట్టింది, పెరిగింది, చదివింది ఇక్కడే రాయపూర్‌లో. మాదీ రైల్వే కుటుంబమే కానీ శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళం. నా పేరు గంగాభవాని. భన్‌పురి దాటాక ఉన్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను ఫిజిక్స్ చెబుతాను, ఎస్తేరు కెమిస్ట్రీ చెబుతుంది. స్టాఫ్ రూములో అందరూ హిందీ. మేమిద్దరమే మూల కుర్చీల్లో కూర్చుని తెలుగులో గొణుక్కుంటాం. మేము తమ గురించే మాట్లాడుకుంటున్నామని మిగతావాళ్ళ అనుమానం. సగం నిజమే.

కాలేజీలో ఎస్తేరుకి 'డౌట్ మేడం' అని పేరు. ఒకసారి ఏదో వాసన వస్తోంది, గ్యాస్ లీకైందని గోల పెట్టి బిల్డింగ్ మొత్తం ఖాళీ చేయించింది. పిల్లలంతా ఎండలో గ్రౌండులో నిలబడ్డారు. తీరా చూస్తే క్యాంటీన్‌లో పోహా, అదే మన అటుకుల ఉప్మా, మాడింది. ఆ రోజు నుంచి ప్రిన్సిపాల్‌గారు ఎస్తేరు ఎదురుపడితే చాలు, "మేడం, ఇవాళ పోహా ఎలా ఉంది?" అని అడుగుతాడు. నాన్నా, పులి కథలో పిల్లాడి గతే మా ఎస్తేరుది కూడా. నిజంగా పులి వచ్చిన రోజు గురించే నేను ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఆ ఏడు వానలకి ల్యాబ్ కప్పు కారింది. రసాయనాల బీరువా సరిగ్గా ఆ చెమ్మ కిందే ఉంది. సీసాల మీద చీటీలు చాలావరకు ఊడిపోయాయి. బెంజోయిక్ ఆమ్లం అయిపోయిందని ఇండెంట్ పెడితే, అది ఆఫీసులోనే నిద్రపోతోంది. ప్రాక్టికల్ పరీక్షలకి బిలాస్‌పూర్ నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తున్నాడు. పిల్లలకి ఇవ్వాల్సిన 'తెలియని పదార్థాల'లో బెంజోయిక్ ఆమ్లం లేకపోతే ఎలా? అందుకని ఎస్తేరు ఆ బీరువా అడుగంతా వెదికింది. చీటీ లేని ఒక పాత సీసా దొరికింది. లోపల లేత పసుపు పలుకులు, వాటి మీద బొటనవేలంత ఎత్తు నీళ్ళు. వాననీరు దిగిందని అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు.

అనుకుని ఊరుకోలేదు, పరీక్ష కూడా చేసింది. చిటికెడు తీసి వంటసోడా నీళ్ళలో వేస్తే బుసబుసమని పొంగింది. ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే ఫినాల్‌కి రావలసిన ఊదారంగు రాలేదు. కొంచెం ఆరబెట్టి సన్న గాజుగొట్టంలో పెట్టి కరిగించి చూస్తే నూట ఇరవై రెండు డిగ్రీల దగ్గర కరిగింది. బెంజోయిక్ ఆమ్లం కరిగేది అక్కడే. పాతబడి పసుపెక్కిందని తేల్చుకుని, చీటీ రాసి అంటించింది. పరీక్షకు కావలసినంత వాచ్ గ్లాసు అనే చిన్న గాజుపళ్ళెంలో తీసి, చెమ్మ ఆరడానికి ఓవెన్‌లో పెట్టించింది.

మా కాలేజీలో ఒక పద్ధతి ఉంది. పరీక్షకిచ్చే పదార్థాలన్నిటినీ ఓవెన్‌లో ఎండబెట్టి, పింగాణీ రోట్లో మెత్తగా నూరి, నంబర్ల సీసాల్లో పోస్తారు. పలుకుల ఆకారం చూసి పిల్లలు గుర్తుపట్టేస్తారని ఈ జాగ్రత్త. ఆ నూరే పని ల్యాబ్ అటెండెంట్ ప్రేమ్‌చంద్‌ది. ధర్సీవా నుంచి రోజూ సైకిల్ మీద వస్తాడు. నూరేటప్పుడు పాట పాడతాడు, రోలుకి తాళం కూడా వేస్తాడు. ఆ ఏడు మరీ హుషారుగా ఉన్నాడు, ఎందుకంటే కూతురు చాందినికి పెళ్ళి కుదిరింది.

పరీక్ష ముందురోజు ఉదయం స్టాఫ్ రూములో చాయ్ తాగుతుంటే ఎస్తేరు వేళ్ళు చూశాను. బొటనవేలు, చూపుడువేలు పచ్చగా ఉన్నాయి.

"ఏటే, పేరంటానికెళ్ళొచ్చావేటి? చర్చికి తెలిస్తే ఏటంతారో" అన్నాను.

"చాల్లే అక్కా. రాత్రి పప్పులో పసుపు వేశాను, అదే అంటుకునుంటుంది. సబ్బుతో ఎంత రుద్దినా పోవట్లేదండీ బాబూ."

"పప్పులో మొత్తం పసుపు డబ్బా చేత్తోనే కలిపేసినావేటి?"

ఇద్దరం నవ్వుకుని క్లాసులకి వెళ్ళాం. ఆమె క్లాసుకీ నా క్లాసుకీ మధ్య ఉన్నది చెక్క తడిక. ఏళ్ళ తరబడి ఆమె పాఠం తడిక అవతల నుంచి వింటూ నాకూ సగం కెమిస్ట్రీ వచ్చేసింది. ఆ రోజు సెకండియర్ వాళ్ళకి ఆమ్లాల బలాబలాలు చెబుతోంది. నా క్లాసులో పిల్లలు లెక్క చేసుకుంటున్నారు, కాబట్టి ప్రతి ముక్కా నా చెవిన పడుతోంది.

"పీకేఏ అంకె చిన్నదైతే ఆమ్లం గట్టిది. అంకె ఒకటి తగ్గితే బలం పది రెట్లు" అంటోంది హిందీలో. "ఆల్కహాల్‌కి పదహారు. ఎందుకంత బలహీనం? హైడ్రోజన్ వెళ్ళిపోయాక మిగిలిన రుణావేశాన్ని ఆక్సిజన్ ఒక్కటే మొయ్యాలి. ఫినాల్‌కి పది. అక్కడ ఆ బరువులో కొంత బెంజీన్ వలయం పంచుకుంటుంది. బెంజోయిక్ లాంటి కార్బాక్సిలిక్ ఆమ్లానికి నాలుగు చిల్లర. అక్కడ రెండు ఆక్సిజన్లు సమానంగా మోస్తాయి. బస్తా ఒక్కడు మోస్తే నడుం విరుగుతుంది, ఇద్దరు మోస్తే నడవగలరు."

తర్వాత వంటసోడా వచ్చింది. కార్బానిక్ ఆమ్లానికి ఆరుంబావు పైచిలుకు. అంతకంటే గట్టి ఆమ్లం పడితేనే సోడా నుంచి గాలి బుడగలు బాగా పొంగుతాయి. కార్బాక్సిలిక్ ఆమ్లం పొంగిస్తుంది, ఫినాల్ పొంగించదు. ఇది ప్రతి ఏడూ చెప్పేదే, పరీక్షలో పిల్లలు కళ్ళు మూసుకుని రాసేదే.

"ఇప్పుడు వలయం మీద ఏం తగిలించామన్నది చూడండి. ఫినాల్‌కి ఎదురుగా మిథైల్ పెడితే అది ఎలక్ట్రాన్లని తోస్తుంది, పది కాస్తా పదింబావు దాటుతుంది, ఆమ్లం ఇంకా మెత్తబడుతుంది. నైట్రో పెడితే అది లాగుతుంది. మెటా స్థానంలో ఉంటే దూరం నుంచి లాగడమే, ఎనిమిదిన్నర దగ్గర ఆగుతుంది. పారాలో, అంటే సరిగ్గా ఎదురుగా పెడితే రుణావేశం వలయం గుండా నేరుగా నైట్రో మీదికే చేరుతుంది, ఏడు దగ్గరికి దిగుతుంది. పక్కనే ఉండే ఆర్థోలో ఒకటి, పారాలో ఒకటి, రెండు నైట్రోలు పెడితే నాలుగు. అంటే ఫినాలే అయినా బెంజోయిక్‌తో సమానం. రెండు ఆర్థోల్లోనూ పారాలోనూ, మూడు పెడితే..."

సుద్దముక్క బోర్డు మీద కిర్రుమంది.

"సున్నా పాయింట్ నాలుగు. పిక్రిక్ ఆమ్లం. పేరుకి ఫినాలే. కానీ వంటసోడాని బెంజోయిక్ కంటే జోరుగా..."

అక్కడ మాట ఆగిపోయింది. నేను ఎదురుచూశాను. ఆ వాక్యం ఆగకూడని చోట ఆగింది. తర్వాత తడిక అవతల ఎవరో ఆడపిల్ల "మేడం? మేడం?" అంటోంది.

బయటికొచ్చి చూస్తే ఎస్తేరు వరండాలో నిలబడి ఉంది. కుడిచేతిలో సుద్దముక్క, పచ్చటి వేళ్ళు. ఆ వేళ్ళనే చూస్తోంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, పసుపైతే సబ్బు తగలగానే ఎర్రబడాలి కదా."

"ఏటంతున్నావే?"

"ఎర్రబడలేదక్కా. ఇది పసుపు కాదు. ఆ సీసాలోది బెంజోయిక్ కాదు. రెండూ నూట ఇరవై రెండు దగ్గరే కరుగుతాయి. రెండూ సోడాని పొంగిస్తాయి. పిక్రిక్‌కి ఫెర్రిక్ క్లోరైడ్‌తో ఊదారంగు రాదు. సోడా నీళ్ళు పచ్చగా అయితే మురికనుకున్నాను. ఓరి దేవుడా, అవి వాననీళ్ళు కావు. తడిగా ఉంచాలనే ఎవరో పోసి పెట్టారు. ఎండితే పేలుతుంది అది. నేను రాత్రంతా ఎండబెట్టాను."

పిక్రిక్ ఆమ్లాన్ని ఒకప్పుడు ఫిరంగి గుండ్లలో కూరేవారని నాకూ తెలుసు. ఓవెన్ సంగతి కాదు ఇప్పుడు. ప్రేమ్‌చంద్ చేతిలో పింగాణీ రోలు ఉంది. ఎండిన పిక్రిక్‌ని రోట్లో వేసి నూరితే ఏమవుతుందో ఆలోచించే ధైర్యం నాకు లేకపోయింది.

ఎస్తేరు ఫోన్ చేసింది. ప్రేమ్‌చంద్ ఫోన్ స్టాఫ్ రూములో ఛార్జింగ్‌లో పెట్టి ఉంది, అక్కడే మోగింది. ఇద్దరం మెట్లు దిగి పరిగెత్తాం. ల్యాబ్ గ్రౌండుకి ఆ చివర. మెట్ల కింద ప్రిన్సిపాల్ ఎదురొచ్చాడు.

"క్యా హువా మేడం? ఫిర్ సే పోహా?" మళ్ళీ పోహాయేనా అని ఆయన వేళాకోళం.

ఎస్తేరు ఆగలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. "సార్, ల్యాబ్ పక్క క్లాసులు ఖాళీ చేయించండి, అందులో బాంబులాంటి మందుంది" అని హిందీలో అరిచాను. ఆయన నవ్వాడు. నవ్వి, నా మొహం చూసి, ఆ నవ్వు సగంలో వదిలేశాడు. నేను ఎప్పుడూ అలా అరవను మరి.

ల్యాబ్ దగ్గరికి వచ్చేసరికి పాట వినిపించింది. పాటతోపాటు రోలు తాళం. టక్, టక్, గర్ర్. నేను గుమ్మం దగ్గరే ఒక చేత్తో గోడని, ఇంకో చేత్తో ఎస్తేరుని పట్టుకున్నాను. ఎస్తేరు నా చెయ్యి వదిలించుకుంది.

"నువ్వు రావద్దక్కా. మెయిన్ స్విచ్ బయటే ఉంది, ఓవెన్ కరెంటు తీసెయ్. పిల్లల్ని దూరంగా పంపించెయ్."

"నువ్వు?"

"అరిస్తే ఉలిక్కిపడతాడు. చేతిలో ఏముందో మనకి తెలీదు."

స్విచ్ కట్టేసి, పిల్లల్ని తోలేసి, కిటికీలోంచి చూశాను. ప్రేమ్‌చంద్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. రోట్లో తెల్లటి పొడుంది, అంటే ఇంకా ముందు నంబరే. నా ప్రాణం సగం తిరిగొచ్చింది. మిగతా సగం రాలేదు, ఎందుకంటే వాచ్ గ్లాసు ఓవెన్‌లో లేదు. అతని ఎడమచేతి పక్కనే బల్ల మీద ఉంది. పచ్చగా, పొడిగా మెరుస్తోంది. తెల్లపొడిని సీసాలోకి ఒంపేసి, రోలు గుడ్డతో తుడిచి, స్టీలు గరిట అందుకున్నాడు. రెండో చేత్తో వాచ్ గ్లాసు ఎత్తాడు.

అప్పుడు ఎస్తేరు లోపలికెళ్ళింది. అదే మనిషి. తాళం కప్ప పట్టుకుని లాగి లాగి చూసే మనిషి, పిల్లి ఎదురొస్తే కాదు కానీ కుక్క ఎదురొస్తే వీధి మారే మనిషి. ఆవిడ గొంతు నేను విన్నాను. వెన్నలా ఉంది.

"ప్రేమ్‌చంద్ భయ్యా, చాందిని పెళ్ళి కార్డు నాకివ్వలేదేం?"

అతను తలెత్తాడు. "అరే మేడంజీ, మీకు ఇవ్వకుండానా? ఈ ఒక్కటీ నూరేసి ఇస్తాను."

"ఇప్పుడే చూస్తాను. అది కింద పెట్టెయ్. మెల్లగా పెట్టు, గ్లాసు పాతది, పగులుతుంది. గరిట కూడా పక్కన పెట్టు."

"కార్డు సైకిల్ సంచిలో ఉంది మేడం."

"పద, నేనూ వస్తాను. అలాగే వదిలెయ్, ఏదీ ముట్టుకోకు."

అతను వాచ్ గ్లాసుని బల్ల మీద పెట్టాడు. గాజు బల్లకి తగిలిన చిన్న చప్పుడుకి నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఇద్దరూ నడిచి వస్తున్నారు. ఎస్తేరు అతని వెనకాల, అతనికీ ఆ బల్లకీ మధ్యలో నడుస్తోంది. గ్రౌండులో సైకిల్ స్టాండ్ దాకా అలాగే నడిచింది. ప్రేమ్‌చంద్ సంచిలోంచి కార్డు తీసి రెండు చేతులతో ఇచ్చాడు. ఎస్తేరు అది అందుకుని, చదివి, "చాలా బాగుంది భయ్యా" అంది. అని అక్కడే నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"కా హోగే మేడం?" ఏమైందని ప్రేమ్‌చంద్ తన ఛత్తీస్‌గఢీలో కంగారుపడ్డాడు. నేను చెప్పాను. అతను తన అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

పోలీసుల బాంబు బృందం వచ్చేదాకా మేము చెట్టు నీడన కూర్చున్నాం. ఆ వాచ్ గ్లాసు అక్కడ ఒంటరిగా ఉంది. గాలికి కిటికీ రెక్క కొట్టుకున్నా లేచి నిలబడేవాళ్ళం. వాళ్ళు వచ్చి, దాన్ని నెమ్మదిగా నీళ్ళతో తడిపి, సీసాతో సహా ఇసుక డబ్బాలో పెట్టుకుని పోయారు. వాళ్ళలో పెద్దాయన రోలు వైపు చూసి, "ఇందులో వేసి నూరుంటే ఆ చేతులు ఉండేవి కావు. మనిషి సంగతి కూడా చెప్పలేను" అన్నాడు.

ప్రిన్సిపాల్ మొహం వడలిపోయింది. ఎవరి పొరపాటు, ఎవరు పెట్టారు ఓవెన్‌లో అని మొదలుపెట్టాడు. ఎస్తేరు లేచి నిలబడి, "నేనే సార్. పొంగింది కాబట్టి కార్బాక్సిలిక్ అని తేల్చేశాను. ఇరవై ఏళ్ళుగా పిల్లలకీ అదే చెబుతున్నాను" అంది. ఆయన మెమో ఇచ్చాడు. ఇచ్చాడు కానీ, ఆ రోజు తర్వాత పోహా ఊసెత్తలేదు.

ఎస్తేరు పాఠం మారింది. "పొంగిందంటే గట్టి ఆమ్లం అని మాత్రమే అర్థం. అది ఎవరో తర్వాత అడగండి. వలయం మీద ఎవరు కూర్చున్నారో చూడకుండా పేరు పెట్టొద్దు" అంటోంది. తడిక ఇవతల నేను వింటూనే ఉన్నాను. చీటీ లేని సీసా దేన్నీ ఇప్పుడు ఎవరూ తెరవరు. ఆవిడ భయాలు మాత్రం తగ్గలేదు, రెట్టింపయ్యాయి. ఆటో స్టాండ్ నుంచి వెనక్కి పరిగెడితే నేను నవ్వడం మానేశాను. సంచి పుచ్చుకుని వెనకాలే వెళుతున్నాను.

చాందిని పెళ్ళికి ఇద్దరం ధర్సీవా వెళ్ళాం. పెళ్ళికూతురికి పసుపు రాసే హల్దీ రోజు. వాకిట్లో డోలు, ఆడవాళ్ళ పాటలు, ఎటు చూసినా పసుపే. ప్రేమ్‌చంద్ కూతురి బుగ్గలకి పసుపు రాసి, మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు. రెండు చేతులూ జోడించాడు. పది వేళ్ళూ పచ్చగా ఉన్నాయి.

ఎస్తేరు నిలబడిపోయింది. మళ్ళీ అదే మొహం, నెత్తురు చుక్క లేని మొహం. ఊరికే ఉండవే, పెళ్ళివారిల్లు అని నేను మోచేత్తో పొడిచాను. విననే లేదు. అందరి ముందూ ప్రేమ్‌చంద్ మణికట్టు పట్టుకుని బోరింగు దగ్గరికి లాక్కెళ్ళింది. చుట్టాలంతా వింతగా చూస్తున్నారు. గట్టు మీద బట్టల సబ్బు ముక్క ఉంటే తీసుకుని, అతని వేళ్ళ మీద గట్టిగా రుద్దింది.

వేళ్ళు ఎర్రగా అయ్యాయి. రక్తం లాంటి ఎరుపు.

"హల్దీయే మేడంజీ" అన్నాడు ప్రేమ్‌చంద్ మెల్లగా. అతని కళ్ళు నిండిపోయాయి.

"అవును భయ్యా, హల్దీయే" అంది ఎస్తేరు. అంది కానీ ఆ చేతులు వదల్లేదు. డోలు వాయించేవాళ్ళు వాయిస్తూనే ఉన్నారు, నేను బోరింగు కొడుతూనే ఉన్నాను.